పది రూపాయల కొత్తిమీర కట్ట, ఒకటిన్నర శాతం ద్రవ్యోల్బణం

2025 జూలై నెలకు చిల్లర ధరల ద్రవ్యోల్బణం 1.55 శాతమని ఆగస్టు 12న లెక్క బయటికొచ్చింది. 2017 జూన్ తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ అంకె రాలేదు. కూరగాయల ధరలైతే ఏడాదిలో 20 శాతానికి పైగా తగ్గాయట. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి ఆ వార్త రెండుసార్లు చదివాను. ఇంటర్ సెకండియర్ సీఈసీ చదివే మావాడు ఒక్కసారే చదివి, దాన్ని పట్టుకుని వాళ్ల అవ్వ మీదికి యుద్ధానికి పోయాడు.

మా అమ్మ మదనపల్లె చుట్టుపక్కల ఒక పల్లెలో ఉంటుంది. ఇంటి వెనక ఉన్న కాస్త నేలలో కొత్తిమీర, పాలకూర, తోటకూర, మెంతాకు వేస్తుంది. వారం వారం సంతలో కూర్చుని అమ్ముతుంది. వద్దంటే వినదు. "ధరలు మండిపోతాండాయి" అనేది ఆమె నోట రోజూ వచ్చే మాట. ఆ మాట తప్పని పేపరు చూపించి నిరూపించాలని మావాడి పట్టుదల.

ఆ వారం ఇద్దరం ఆమెతో పాటు సంతకు పోయాం. గోనెపట్టా పరిచి, కట్టలు పేర్చి, పైన తడిగుడ్డ కప్పిందో లేదో వాడు మొదలుపెట్టాడు.

"అవ్వా, కూరగాయలు ఇరవై శాతం తగ్గినాయంట. నువ్వేమో ఇంకా మండిపోతున్నాయంటావు."

"తగ్గినాయా? ఎప్పటి మింద తగ్గినాయంట?"

వాడు పేపర్లో వెతికాడు. "పోయిన సంవత్సరం జూలై మీద."

"పోయినేడు జూలైలో ఎట్లుండె?"

దానికి వాడి దగ్గర జవాబు లేదు. అమ్మ దగ్గర ఉంది. "పోయినేడు ఈ దినాల్లో ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు చేత్తో ముట్టుకునేట్టు లేదు. అప్పటి మింద తగ్గకుండా యాడికి పోతాయిరా? దానికి ముందటేడు ఎట్లుండె, అది అడుగు మీ పేపరోళ్లని."

పుస్తకంలో దీన్ని బేస్ ఎఫెక్ట్ అంటారు. నేను క్లాసులో ఒక పీరియడ్ అంతా చెప్పినా సగం మందికి ఎక్కదు. అమ్మ చేసిందల్లా "ఎప్పటి మింద" అని అడగడం. ద్రవ్యోల్బణం అంకె ఏదైనా సరే, ఆ ప్రశ్న అడగకుండా నమ్మకూడదని నేను చాలా ఏళ్లుగా వాదిస్తున్నాను. పేపర్ల హెడ్డింగుల్లో ఆ సగమే ఎగిరిపోతుంది.

వాడి నోట్సు వెనక పేజీలో లెక్క వేయించాను. 2022 జూలైలో ఒక ఇంటికి వారానికి సరిపడా కూరగాయల సంచి నూరు రూపాయలు అనుకో. 2023 జూలైలో దేశం మొత్తం మీద కూరగాయల ధరలు అంతకు ముందటి జూలై కంటే 37 శాతం పెరిగాయి. సంచి 137 అయింది. 2024 జూలైలో కూరగాయల ద్రవ్యోల్బణం ఏడు శాతానికి దిగిందని రాశారు. దిగింది పెరిగే వేగమే, ధర కాదు. 137 మీద ఇంకో ఏడు శాతం చేరి సంచి దాదాపు 147కు పోయింది. 2025 జూలైలో తగ్గిన 20.7 శాతం ఈ 147 మీద తగ్గింది. తీసేస్తే మిగిలేది 116 చిల్లర.

మావాడు మూడుసార్లు ఫోన్లో కొట్టి చూసుకున్నాడు. ముప్పై ఏడు, ఏడు కూడితే నలభై నాలుగు, అందులోంచి ఇరవై ఒకటి పోతే ఇరవై మూడు కదా, పదహారు ఎట్లొచ్చిందని వాడి అనుమానం. శాతాలను కూడటం, తీసేయడం కుదరదు. ప్రతి ఏడాదీ శాతం లెక్కించే మొత్తమే వేరు. అది తేలాక వాడికి అసలు సంగతి కనిపించింది. కూరగాయలు ఇరవై శాతం తగ్గాయన్న వార్త నిజం. మూడేళ్ల కిందటి సంచి 2025 జూలైలోనూ పదహారు రూపాయలు ఎక్కువే అన్నదీ నిజం. పేపరు ఒక ఏడాది వెనక్కి చూసి మాట్లాడుతోంది. అవ్వ అంతకంటే చాలా ఏళ్ల వెనక్కి చూసి మాట్లాడుతోంది.

"మరి మొత్తం ద్రవ్యోల్బణం ఒకటిన్నరే కదా, అది తక్కువే కదా?" అన్నాడు, ఓడిపోవడం ఇష్టం లేక.

అమ్మ తడిగుడ్డ మీద ఇంకోసారి నీళ్లు చిలకరించి, "వాన తగ్గిందంటే చెరువు తగ్గినట్టారా?" అంది.

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఒకటిన్నర శాతం అంటే ధరలు తగ్గినట్టు కాదు, పోయిన జూలై కంటే ఇంకో ఒకటిన్నర పెరిగినట్టు. ఆ ఒకటిన్నరలో కూడా ఒక మెలిక ఉంది. కూరగాయలు అంతగా పడిపోవడం వల్లే మొత్తం అంకె కిందికి వచ్చింది. 2012 ఆధారంగా అప్పట్లో వేసిన ఈ లెక్కలో కూరగాయల వాటా నూటికి ఆరు. వాటిని పక్కనబెట్టి మిగతా సరుకులూ సేవలూ చూస్తే పెరుగుదల మూడు శాతం పైనే తేలుతుంది. 2023 జూలైలో ఇదే తిరగబడింది. అప్పుడు మొత్తం ద్రవ్యోల్బణం 7.44 శాతం, అందులో దాదాపు మూడో వంతు ఒక్క కూరగాయల పుణ్యమే.

ఇక్కడే అమ్మ చెప్పిన రెండో మాట నాకు చాలా విలువైందిగా తోస్తుంది. ఆమె సంతలో ధరల్ని రెండుగా విడదీస్తుంది: ఎక్కి దిగేవి, ఎక్కి కూర్చునేవి.

ఎక్కి దిగేవాటికి రాణి టమాటా. మా వైపు వాళ్లకు 2023 ఇంకా కళ్లముందే ఉంది. ఆ ఏడు ఎండాకాలంలో ధర లేక చాలామంది తోటలు వదిలేశారు, కొత్తగా నారు పోసినవాళ్లు తక్కువ. ఉన్న తోటల్ని మార్చి, ఏప్రిల్ ఎండలు, ఆకుముడత, ఆ తర్వాత వానలు దెబ్బతీశాయి. జూలై ఆఖరుకు మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కిలో రెండు వందల దరిదాపుల్లో పలికింది. రాష్ట్ర ప్రభుత్వం కొని రైతు బజార్లలో కిలో యాభైకి అమ్మించింది. క్యూల్లో ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడ్డాం. అది చూసి మళ్లీ అందరూ టమాటా నాటారు. నాటిన రెండు, రెండున్నర నెలలకు కోత మొదలవుతుంది కాబట్టి సెప్టెంబరుకల్లా మార్కెట్ నిండిపోయింది, కిలో పది రూపాయల లోపుకు పడింది. రెండు వందలకు అమ్ముకున్నవాళ్లు అప్పటికి తోట నిలబడ్డ కొద్దిమంది. పదికి అమ్మినవాళ్లే ఎక్కువ.

"టమేటా యెక్కేదాన్ని చూసి ధరలు పెరిగినాయంటారు, దిగేదాన్ని చూసి తగ్గినాయంటారు. ఆ రెండూ ధరలు కావు నాయనా, కాలాలు," అంది అమ్మ. "ధర పెరగడమంటే అదిగో, అది." చెయ్యి చూపించింది టీ బంకు వైపు.

ఆ టీ ఐదు రూపాయలు ఉండేది. పదికి పోయింది. పాల ధర మధ్యలో ఎన్ని ఆటలాడినా టీ మళ్లీ ఐదుకు రాలేదు, రాదు. ఊరి నుంచి సంతకు ఆటో చార్జీ అంతే. డీజిల్ రెండు రూపాయలు పెరిగితే ఆటోవాడు ఐదు పెంచుతాడు, డీజిల్ తగ్గితే అతనికి వినపడదు. సంతలో కూర్చున్నందుకు కట్టే ఆశీలు, కలుపు తీయడానికి పిలిచే మనిషి కూలి, మాత్రల షీటు, మనవడి కాలేజీ ఫీజు, అన్నీ ఎక్కి కూర్చునేవే. ఆమె దృష్టిలో అసలు ద్రవ్యోల్బణం ఇదే.

రిజర్వు బ్యాంకు ఆలోచన ఇందుకు భిన్నంగా ఏమీ లేదు. ద్రవ్యోల్బణాన్ని నాలుగు శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం తేడాతో ఉంచాలన్నది దాని బాధ్యత. 2023 జూలైలో ఆరు దాటి ఏడున్నరకు దగ్గరైనా, బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వేసే వడ్డీని, అంటే రెపో రేటును, కదిలించలేదు. ఆ ఏడు ఫిబ్రవరి నుంచి 6.5 శాతం దగ్గరే ఉంచి, 2025 ఫిబ్రవరిలో గానీ తగ్గించలేదు. వడ్డీ పెంచితే ఇళ్ల లోన్లు తగ్గుతాయి, కార్లు తక్కువ అమ్ముడవుతాయి. టమాటా మొక్కకు కాయ కాయదు. అందుకే ఆర్థికవేత్తలు ఆహారం, ఇంధనం తీసేసి మిగిలిన అంకెను వేరుగా చూసుకుంటారు. అమ్మ టీ బంకు వైపు చెయ్యి చూపించింది కూడా అందుకే.

కానీ ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. ఆహారాన్ని తీసేసి చూడటం బ్యాంకుకు కుదురుతుంది, వంటింటికి కుదరదు. అదే లెక్కలో పల్లెల ఖర్చుల్లో తిండి వాటా నూటికి 54, పట్నాల్లో 36. అందుకే కూరగాయలు ఎగిరిన 2023 జూలైలో పల్లెల్లో ద్రవ్యోల్బణం 7.63, పట్నాల్లో 7.20. కూరగాయలు పడిపోయిన 2025 జూలైలో పల్లెల్లో 1.18, పట్నాల్లో 2.05. ఎక్కినా దిగినా పల్లెకే కుదుపు ఎక్కువ. దేశమంతటికీ కలిపి చెప్పే ఒక్క అంకెలో ఈ కుదుపు కనిపించదు.

మధ్యాహ్నం వరకూ బేరాలు బాగానే సాగాయి. ఒకావిడ కొత్తిమీర కట్ట తీసి చూసి, "ఏమి పెద్దమ్మా, ఇంత సన్నగా ఉంది, పదా?" అంది. అమ్మ ఏమీ మాట్లాడకుండా రెండు రెమ్మలు కలిపి ఇచ్చింది. ఆవిడ పోయాక మనవణ్ని పిలిచి కట్ట చేతికిచ్చింది.

"బొటనవేలు, నడిమి వేలు కలిపి పట్టుకో."

వాడు పట్టుకున్నాడు. వేళ్లు రెండూ కలిసి, కణుపు దాకా ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి.

"మీ నాయిన నీ అంత ఉన్నప్పుడు నేను కట్టే కట్టకి వేళ్లు కలిసేవి కాదు. రెండు చేతులు పట్టేది."

ఎంతకు అమ్మేదని వాడు అడిగాడు. అప్పుడు రూపాయికి. నడిమధ్యలో రెండు, మూడు, ఐదు. పదికి వచ్చి చాలా కాలమైంది. పది దగ్గర ధర ఆగిపోయింది కానీ ఖర్చులు ఆగలేదు. కొత్తిమీర విత్తనం, కూలి, ఆటో, అన్నీ పెరిగాయి. మరి ఆమె కట్టకు పదకొండు ఎందుకు అడగలేదు? పదకొండు రూపాయలకు సంతలో ఎవరి దగ్గరా చిల్లర ఉండదు, చిల్లర ఉన్నా ఆ ఒక్క రూపాయి కోసం కొనేవాళ్లు పక్క గోనెపట్టా దగ్గరికి పోతారు. ఒక్కసారిగా పదిహేను అంటే అసలు ముట్టుకోరు. కాబట్టి ధర కదలకుండా కట్ట కదిలింది. నాలుగు రెమ్మలు ఈ ఏడు, నాలుగు రెమ్మలు వచ్చే ఏడు. కట్టిన అరటినార మాత్రం అదే మందం.

పెద్ద పెద్ద బిస్కెట్ కంపెనీలు చేసేదీ ఇదే: ఐదు రూపాయల పాకెట్ ఐదు రూపాయలుగానే ఉంటుంది, లోపల గ్రాములు తగ్గుతాయి. అమ్మ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాణెమే ఆమెకు నేర్పింది. పైసల కాలంలో ధర కొంచెం కొంచెంగా పెరగడానికి వీలుండేది. పావలా పెరిగితే పావలా అడగొచ్చు. 2011 జూన్ 30తో పావలా, దానికంటే చిన్న నాణేలన్నీ చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టం ప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, సంతలో ఇచ్చి చూడండి. ఇప్పుడు రూపాయి, రెండు రూపాయలది కూడా అదే దారిలో ఉన్నాయి. సంతలో ధర ఐదు మెట్టు నుంచి పది మెట్టుకు, పది నుంచి ఇరవైకి దూకుతుంది. రెండు మెట్ల మధ్య ఏళ్ల తరబడి పెరిగినదంతా కట్ట సన్నబడటంలో దాక్కుంటుంది.

కొసరు పోవడం కూడా ఇందులో భాగమే. నా చిన్నప్పుడు ఏ కూర కొన్నా పైన కరివేపాకు రెబ్బ, రెండు పచ్చిమిరపకాయలు ఊరికే వేసేవాళ్లు. ఇప్పుడు కరివేపాకు కూడా ఐదు రూపాయల కట్ట. ఊరికే వచ్చినదానికి ధర వస్తే అది ఎంత శాతం పెరిగినట్టని మావాడు అడిగాడు. సున్నాతో భాగించలేవని చెప్పాను. వాడికి ఆ జవాబు నచ్చింది.

ఇంతవరకూ నేను అమ్మ పక్షమే. ఇక్కడి నుంచి కొంచెం తగువు ఉంది.

"ఆ కాలంలో అన్నీ చౌక" అని ఆమె అంటుంది, సంతలో కూర్చున్న ఆమె వయసువాళ్లందరూ అంటారు. రూపాయికి రెండు చేతుల కట్ట వచ్చిన మాట నిజమే. ఆ రూపాయి సంపాదించడానికి ఎంతసేపు పని చేయాల్సి వచ్చేదో ఆ మాటలో లేదు. వస్తువు ధర ఒక్కటే చెబితే అది సగం లెక్క. రోజు కూలికి ఎన్ని కట్టలు వస్తాయో చూస్తేనే మిగతా సగం తెలుస్తుంది.

మా వైపు అందరికీ తెలిసిన కూలి ఉపాధి హామీది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైనప్పుడు రోజుకు ఎనభై రూపాయలు. మనం ఇందాక కూరగాయల సంచిని చూసిన మూడేళ్లకే కూలిని కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో 257 రూపాయలు, మరుసటి ఏడు 272, ఆ తర్వాత 300, 2025-26లో 307. ఆ 257ను నూరు అనుకుంటే 2025 నాటికి కూలి 119 అయింది. కూరగాయల సంచి 116 అయింది. కూరగాయల ధర దేశం మొత్తానిది, కూలి మన రాష్ట్రానిది, ఆ తేడా ఉందనుకోండి. అయినా సరే, మూడేళ్ల ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తే ఉపాధి కూలికి పోయే మనిషి కూరగాయల విషయంలో నష్టపోలేదు, వెంట్రుకవాసి లాభంలోనే ఉంది.

ఇది అమ్మతో చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. నిజానికి నా లెక్క తప్పని కూడా అనలేదు. "మధ్యలో రెండేండ్లు యెవురు తిన్నారు?" అని మాత్రం అడిగింది.

నోట్సు పేజీ మళ్లీ తిప్పి చూశాను. 2023 జూలైలో సంచి 137, కూలి 106. 2024 జూలైలో సంచి 147, కూలి 117. రెండేళ్ల పాటు వరుసగా రెండింటి మధ్య ముప్పై రూపాయల సందు. మూడో ఏడు వచ్చి లెక్క సరిచేసింది, నిజమే. కానీ కడుపు మూడో ఏడు దాకా ఆగదు. మా వీధిలో ఉపాధి పనికి పోయే ఒక ఆమె, 2023 వానాకాలంలో ఐదు వేలు అప్పు తీసుకుంది. ఒక్క కూరగాయల కోసమే కాదులెండి, బియ్యం, పప్పు, పిల్లల పుస్తకాలు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు నూరు, ఏడాదికి పన్నెండు వందలు. టమాటా దిగింది, ఉర్లగడ్డ దిగింది. ఆమె రెండేళ్లలో వడ్డీకే ఇరవై నాలుగు వందలు కట్టింది, అసలు అట్లే ఉంది. ధర దిగినా, ధర ఎక్కినప్పుడు చేసిన అప్పు దానితో పాటు దిగిపోదు.

సగటులు చెప్పే మా వృత్తివాళ్లం ఇక్కడ దొరికిపోతాం. కూరగాయల ధరలు తాత్కాలికం, వాటంతటవే సర్దుకుంటాయి, కంగారు పడొద్దు అని మేము రాస్తాం. అది రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు గురించి చెప్పే మాటగా సరైనది. కూలి మీద బతికే ఇంటికి చెబితే పనికిమాలిన మాట. నెల జీతం వచ్చేవాళ్లకు టమాటా రెండు వందలైతే ఆ నెల చింతపండు చారు. చేతిలో నిల్వ లేని ఇంటికి అది ఎక్కి దిగే ధర కాదు, ఎక్కి కూర్చునే ధరే. వడ్డీ రూపంలో కూర్చుంటుంది. అమ్మ చేసిన రెండు రకాల విభజన ఈ ఒక్క చోట చెదిరిపోతుంది. ఆమె అడిగిన ప్రశ్నే దాన్ని చెదరగొట్టింది.

అమ్మేవాళ్లకైనా మేలు జరిగిందా అంటే, అదీ పెద్దగా లేదు. 2024లో రిజర్వు బ్యాంకు పరిశోధకులు టమాటా, ఉల్లి, ఆలుగడ్డల మీద ఒక అధ్యయనం వెలువరించారు. కొనేవాళ్లు పెట్టే రూపాయిలో టమాటా రైతుకు చేరేది 33 పైసలు, ఉల్లి రైతుకు 36, ఆలుగడ్డ రైతుకు 37. పాలలోనైతే రైతుకు ఇంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. టమాటాకు కోత కూలి, బాక్సు, బండి, మండీ కమిషన్, దారిలో చితికిపోయేది, ఆ తర్వాత చిల్లర అంగడివాడి లాభం, ఇన్ని పోవాలి. అమ్మకు నూటికి నూరు పైసలూ అందుతాయి, ఎందుకంటే పండించేదీ మోసేదీ అమ్మేదీ ఆమే. ఆ మూడు పనుల కూలి ఆమె ఎప్పుడూ లెక్క వేసుకోదు. వేసుకుంటే కట్ట పదికి కాదు, ఇరవైకి అమ్మాలి.

సంత ముగిసే వేళకు పది కట్టలు మిగిలాయి. అమ్మ "మూడు ఇరవై" అని అరవడం మొదలుపెట్టింది. ఇది ధర తగ్గడమేనా అని మావాడు నా చెవిలో అడిగాడు. సాయంత్రానికి వాడిపోయే సరుకుకు ప్రతి సంతలోనూ జరిగేదే ఇది, ద్రవ్యోల్బణం తగ్గడం కాదు. ధర సేకరించేవాళ్లు పొద్దున వస్తే ఒక ధర, సాయంత్రం వస్తే ఇంకో ధర రాసుకుంటారు. 2012 ఆధారంగా వేసిన ఆ లెక్క కోసం దేశమంతటా 1,181 పల్లెలను ఎంచుకుని అక్కడి ధరలు తీసుకునేవాళ్లు. అందులో మన ఊరు ఉందా అన్నాడు. ఎవరూ వచ్చి అడిగింది లేదంది అమ్మ. "అడిగితే చెప్తా. కట్ట లావు కూడా రాసుకోమంటా."

వాడి చివరి ప్రశ్న మాత్రం నాకు పరీక్ష పేపర్లో పెట్టాలనిపించింది. వచ్చే జూలైలో ఏమవుతుంది? మన సంచి 2025 జూలైలో 116 దగ్గర ఉంది. వచ్చే ఏడు పెద్ద కరువూ పెద్ద పంటా లేకుండా, మామూలుగా నడిచి, 130కి వచ్చిందనుకుందాం. 2023లో 137, 2024లో 147 పెట్టి కొన్నవాళ్లకు అది చౌక ధరే. కానీ 116 మీద 130 అంటే పన్నెండు శాతం పెరుగుదల. పేపర్లు "కూరగాయల మంట" అని రాస్తాయి. టీవీలో టమాటాలు చూపిస్తారు. అప్పుడు మా అమ్మ ఏమంటుందో వాడికి ఇప్పటికే తెలుసు కాబట్టి, ఈసారి "ఎప్పటి మీద" అని పేపరువాళ్లను అడిగేది తనేనని, అవ్వ దగ్గర ఐదు వందలకు పందెం కాశాడు. ఐదు వందలు ఇప్పటివా అప్పటివా తేల్చుకోమని ఆమె అంది. ఇద్దరూ ఇంకా బేరంలోనే ఉన్నారు.